మనుషులపై చేసిన పరిశోధన పేపర్లలో ఎథిక్స్ అనుమతి, కన్సెంట్ వివరాలు సరిచూడడం ఎలా?

"ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకున్నాం, అందరి దగ్గరా కన్సెంట్ తీసుకున్నాం అని పేపర్లో రాశారు కదా, ఇంకేం చూడాలి?" పీజీ విద్యార్థులు, కొత్తగా రివ్యూలు మొదలుపెట్టిన లెక్చరర్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆ రెండు వాక్యాలూ దాదాపు ప్రతి పేపర్లోనూ ఒకే మాటల్లో ఉంటాయి. అందుకే వాటిని చదివితే సరిపోదు. పేపర్లోని మిగతా వివరాలతో పోల్చి చూడాలి. వరుస తెలిస్తే అరగంట పని.

ఇక్కడ మన దేశపు ఆరోగ్య పరిశోధన పేపర్లనే తీసుకుంటున్నాను. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు, 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు దీనికి ఆధారం.

## 1. మొదలుపెట్టే ముందు

పేపర్ పీడీఎఫ్ ఒక్కటే దించుకుంటే చాలదు. అనుబంధ ఫైళ్లు కూడా తీసుకోండి. కన్సెంట్ ఫారం నమూనా, ప్రోటోకాల్ చాలాసార్లు అక్కడే ఉంటాయి. మందు, టీకా, ఆహారం, వ్యాయామం లాంటిది ఏదైనా ఇచ్చి ఫలితం చూసిన అధ్యయనమైతే, మన దేశపు క్లినికల్ ట్రయల్స్ నమోదు వెబ్‌సైట్ సీటీఆర్‌ఐ, అంటే `ctri.nic.in`లో దాని రిజిస్ట్రేషన్ పేజీ కూడా తెరిచి పెట్టుకోండి.

ఎథిక్స్ వివరాలు సాధారణంగా మెథడ్స్ మొదటి పేరాలోనో, పేపర్ చివరి డిక్లరేషన్లలోనో ఉంటాయి. రెండు చోట్లా ఉంటే రెండూ చదవండి. ఒకచోట "రాతపూర్వక కన్సెంట్" అని, ఇంకోచోట "కన్సెంట్ అవసరం లేదని కమిటీ మినహాయింపు ఇచ్చింది" అని రాసిన పేపర్లు ఉంటాయి.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద ఇవి రాసుకోండి:

- కమిటీ పేరు, అనుమతి నంబరు, తేదీ
- మొదటి మనిషిని చేర్చుకున్న తేదీ, పని ముగిసిన తేదీ
- పాల్గొన్నది ఎవరు, వయసెంత, ఎక్కడ దొరికారు
- వాళ్లకు ఏం చేశారు (ప్రశ్నలు అడిగారా, రక్తం తీశారా, మందు ఇచ్చారా)
- కన్సెంట్ ఎవరిచ్చారు, ఏ రూపంలో

ఏ గడి ఖాళీగా మిగిలిందో ముందు అదే చూడండి. మీరు అడగాల్సిన ప్రశ్న ఎక్కువగా అక్కడే ఉంటుంది.

## 2. అసలు అనుమతి కావాల్సిన పనేనా?

మనుషుల్ని కలిసినా, వాళ్ల శరీరం నుంచి ఏదైనా తీసుకున్నా, పేరు తెలిసే వీలున్న రికార్డులు చూసినా అనుమతి కావాలి. ప్రశ్నావళి మాత్రమే కాబట్టి అక్కర్లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. డిప్రెషన్ గురించో, భర్త కొట్టడం గురించో అడిగే ప్రశ్నావళి రక్తపరీక్ష కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టగలదు.

"ఈ అధ్యయనానికి ఎథిక్స్ అనుమతి అవసరం లేదు" అని కనిపిస్తే, ఆ మాట ఎవరన్నారో వెతకండి. ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం రివ్యూ నుంచి మినహాయింపు ఇవ్వాల్సింది కమిటీయే. పరిశోధకుడు తనకు తాను ఇచ్చుకోలేడు. కాబట్టి "కమిటీ మినహాయించింది" అని నంబరుతో ఉంటే సరే. "అవసరం లేదు" అని ఊరికే ఉంటే ప్రశ్న వేయాల్సిందే. అప్పటికే అచ్చయిన పేపర్లను మాత్రమే సమీక్షించిన వ్యాసాలకు ఈ గొడవ లేదు.

ఇక్కడ రెండు మాటలు కలిసిపోతుంటాయి. రివ్యూ మినహాయింపు వేరు, కన్సెంట్ మినహాయింపు వేరు. పాత కేస్ షీట్లు చూసే అధ్యయనంలో కమిటీ రివ్యూ చేసి అనుమతి ఇస్తుంది, రోగుల కన్సెంట్ మాత్రం అక్కర్లేదంటుంది. పేపర్లో రెండూ విడివిడిగా కనిపించాలి.

## 3. కమిటీ ఎవరు?

కమిటీ పూర్తి పేరు ఉండాలి. "స్థానిక కమిటీ", "మా విభాగం అనుమతి", "ప్రిన్సిపాల్ అనుమతి" లాంటివి చెల్లవు. ఎథిక్స్ కమిటీ అంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి, అధ్యక్షుడు సంస్థ బయటి వ్యక్తి అయి ఉండాలి, న్యాయం తెలిసినవారు, సామాన్య పౌరుడు ఉండాలి. విభాగాధిపతి సంతకం దీనికి బదులు కాదు.

మన దేశంలో మందుల ట్రయల్స్ చూసే కమిటీలు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర, మిగతా ఆరోగ్య పరిశోధన చూసే కమిటీలు ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర నమోదు కావాలి. మొదటి రకం నమోదు సంఖ్య `ECR/`తో, రెండో రకం `EC/NEW/INST/`తో మొదలవడం చూస్తాం. రెండో నమోదు 2019 నిబంధనలతో వచ్చింది. కాబట్టి 2015 నాటి పేపర్లో అది లేదని తప్పుపట్టకండి. ఇప్పటి పేపర్లలోనూ ఈ సంఖ్య వేయకపోవడం పెద్ద లోపమేం కాదు. అనుమానం ఉన్నప్పుడు అడగడానికి పనికొస్తుంది, అంతే.

అధ్యయనం మూడు ఆసుపత్రుల్లో జరిగి, ఒక్క కమిటీ పేరే ఉంటే మిగతా రెండు చోట్ల సంగతేమిటో అడగాలి. ఉమ్మడి రివ్యూ జరిగి ఉండొచ్చు. అలా జరిగితే ఆ మాట రాయడానికి వాళ్లకు ఒక్క లైను చాలు.

## 4. నంబరును వెతకండి

అనుమతి నంబరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, సంస్థ పేరుతో కలిపి గూగుల్ స్కాలర్‌లో వెతకండి:

```
"IEC/2022/47" "సంస్థ పేరు ఇంగ్లిష్‌లో"
```

అదే నంబరుతో వేరే విషయం మీద ఇంకో పేపర్ కనిపిస్తే ఆగి చూడాలి. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో ఉన్న ఐహెచ్‌యూ మెడిటరానే ఇన్‌ఫెక్షన్ సంస్థ. ఆ సంస్థ నుంచి వచ్చిన 456 అధ్యయనాలను కొందరు పరిశోధకులు పరిశీలించి 2023లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 248 అధ్యయనాలు `09-022` అనే ఒకే అనుమతి నంబరు చూపించాయి. వాటిలో పాల్గొన్న మనుషులు, తీసుకున్న నమూనాలు, చివరికి దేశాలు కూడా వేర్వేరు. ఒక్కో పేపర్ విడిగా చదివిన రివ్యూయర్‌కి ఏ తేడా కనిపించదు. అనుమతి ఉంది, నంబరూ ఉంది. నంబరును వెతికినప్పుడే విషయం బయటపడుతుంది.

అయితే ఒక నంబరు రెండు పేపర్లలో కనిపించగానే దొంగ దొరికాడనుకోవద్దు. ఒకే థీసిస్ నుంచి రెండు మూడు పేపర్లు రావడం మామూలే. పెద్ద కోహార్ట్ అధ్యయనానికి ఒకే అనుమతి కింద పదేళ్లు పేపర్లు వస్తాయి. చూడాల్సింది ఇది: మనుషులు వాళ్లేనా, కాలం అదేనా, చేసిన పని ఆ అనుమతి పరిధిలోదేనా? ఇవి కలవకపోతేనే ప్రశ్న.

## 5. తేదీలు కలపండి

ఒక్క పనికే టైమ్ ఉందంటే ఇది చేయండి. జరగాల్సిన వరుస ఇలా ఉండాలి: కమిటీ అనుమతి, తర్వాత (ట్రయల్ అయితే) సీటీఆర్‌ఐ నమోదు, ఆ తర్వాత మొదటి మనిషిని చేర్చుకోవడం. పని మొదలుపెట్టాక తీసుకున్న అనుమతి అనుమతి కిందికి రాదు.

సీటీఆర్‌ఐ 2018 ఏప్రిల్ 1 నుంచి ముందస్తు నమోదులనే తీసుకుంటోంది. పేజీ పైభాగంలో నంబరు పక్కనే `Registered on` తేదీ, కింద మొదటి చేరిక తేదీ ఉంటాయి. నమోదు సంఖ్యలోనే సంవత్సరం, నెల ఉంటాయి. `CTRI/2022/11/` అని మొదలైతే అది 2022 నవంబరు నాటిది.

పేజీలో ముందస్తు నమోదు అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. మొదటి చేరిక తేదీ పరిశోధకులు ఇచ్చిందే. దాన్ని పేపర్లోని అధ్యయన కాలంతో కలిపి చూడాల్సింది మనమే.

ఇంకో పక్క, అనవసరంగా తప్పుపట్టడం కూడా ఇక్కడే ఎక్కువ. "అధ్యయన కాలం 2015–2019, అనుమతి 2020" అని ఉంటే కొత్త రివ్యూయర్ వెంటనే ఎర్ర గీత పెడతాడు. పాత రికార్డులు చూసిన అధ్యయనమైతే అది పూర్తిగా సహజం. రోగులు వచ్చి వెళ్లింది అప్పుడు, రికార్డులు తెరిచింది ఇప్పుడు. అనుమతి కన్నా ముందు పరిశోధన కోసమే ఏదైనా చేశారా అన్నదే ప్రశ్న.

## 6. కన్సెంట్: ఎవరిచ్చారు, ఇవ్వగలరా?

"పాల్గొన్న వారందరి నుంచి కన్సెంట్ తీసుకున్నాం" అనే వాక్యాన్ని పాల్గొన్నవారి పట్టికతో పక్కపక్కన పెట్టండి. పట్టికలో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు, స్పృహలో లేని రోగులు, చదువురాని వాళ్లు ఉంటే ఆ ఒక్క వాక్యం సరిపోదు.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల కన్సెంట్ కావాలి. దానితో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా కావాలి. ఐసీఎంఆర్ ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ల వరకు నోటిమాట, పన్నెండు నుంచి పద్దెనిమిది వరకు రాతపూర్వకం. చదువురాని వాళ్లయితే వేలిముద్రతో పాటు పరిశోధన బృందానికి సంబంధం లేని సాక్షి ఉండాలి. ఐసీయూ రోగులైతే చట్టబద్ధంగా వాళ్ల తరఫున నిర్ణయం తీసుకోగలిగిన మనిషి ఉండాలి.

బడులు, హాస్టళ్లు, జైళ్లు, ఫ్యాక్టరీల్లో చేసిన అధ్యయనాలు ఇంకాస్త నిదానంగా చదవాలి. అక్కడి పెద్ద ఇచ్చేది లోపలికి రావడానికి అనుమతి. లోపలున్నవాళ్ల కన్సెంట్ దానితో వచ్చేయదు.

ఇది మనకు బాగా తెలిసిన చోటే జరిగింది. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చే ప్రాజెక్టు మొదలైంది. చాలామంది బాలికలు హాస్టళ్లలో ఉండేవాళ్లు. 2010లో ప్రాజెక్టు ఆపేశాక కన్సెంట్ ఫారాలు లెక్కపెట్టారు. 2013 నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలో ఆ వివరాలున్నాయి. రాష్ట్రంలోని 9,543 ఫారాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. ఫారాలైతే ఉన్నాయి. "కన్సెంట్ తీసుకున్నారా" అని అడిగితే తీసుకున్నామనే జవాబు వస్తుంది. "సంతకం ఎవరిది" అని అడిగితే కథ వేరు.

ఆన్‌లైన్ సర్వేలైతే మొదటి పేజీలో సమాచారం ఇచ్చి, "ఒప్పుకుంటున్నాను" నొక్కితేనే ప్రశ్నలు తెరుచుకునేలా పెట్టారా అన్నది చూడండి. "ఫారం నింపడమే కన్సెంట్‌గా భావించాం" అంటే, దానికి కమిటీ ఒప్పుకుందా అన్నది ప్రశ్న.

కన్సెంట్ మినహాయింపు అన్నచోట కారణం ఉండాలి. పేర్లు తీసేసిన పాత రికార్డులు, ఎవరివో తెలియకుండా చేసిన మిగులు నమూనాలు లాంటివి ఒప్పుకోదగ్గ కారణాలు. "రోగులు బిజీగా ఉన్నారు" అన్నది కారణం కాదు.

కేస్ రిపోర్టులకు ఇంకొకటి కావాలి: ప్రచురణకు కన్సెంట్. చికిత్సకో పరిశోధనకో ఒప్పుకున్న రోగి తన ఫొటో జర్నల్లో రావడానికి ఒప్పుకున్నట్టు కాదు. కళ్ల మీద నల్ల పట్టీ వేసినా మనిషిని గుర్తుపట్టొచ్చు, కాబట్టి పట్టీ ఉందని వదిలేయకండి.

## 7. ఒక పేపర్‌ని చూద్దాం

ఇది ఊహించి రాసిన పేపర్. వివరాలు మాత్రం రోజూ చూసే రకానివే.

గిరిజన సంక్షేమ హాస్టళ్లలో 12 నుంచి 17 ఏళ్ల బాలికలు 240 మంది. అందరికీ రక్తం తీసి హిమోగ్లోబిన్ చూశారు. సగం మందికి రోజూ, సగం మందికి వారానికోసారి ఐరన్ మాత్రలు 12 వారాలు ఇచ్చి మళ్లీ రక్తం తీశారు. అధ్యయన కాలం 2022 జూలై నుంచి డిసెంబర్. ఎథిక్స్ పేరా: "సంస్థాగత ఎథిక్స్ కమిటీ అనుమతి (IEC/2022/47, 09-09-2022) పొందాం. వార్డెన్ల అనుమతి తీసుకున్నాం. పాల్గొన్న వారందరూ కన్సెంట్ ఇచ్చారు." సీటీఆర్‌ఐ పేజీలో నమోదు నవంబరు 18, మొదటి చేరిక నవంబరు 21.

పైపైన చూస్తే అనుమతి ఉంది, నమోదు ఉంది, కన్సెంట్ ఉంది. ఇప్పుడు కాగితం మీద తేదీలు వరుసగా పెట్టండి.

జూలైలో పని మొదలైంది, అనుమతి సెప్టెంబరులో వచ్చింది. మధ్యలో రెండు నెలలు ఏం చేశారు? బడి ఆరోగ్య కార్యక్రమంలో అప్పటికే తీసిన హిమోగ్లోబిన్ విలువలు వాడుకున్నారేమో. అలాగైతే పేపర్లో ఆ మాట లేదు. పరిశోధన కోసమే రక్తం తీసి ఉంటే అది అనుమతి లేని పని.

తర్వాత ఇంకో లెక్క. మొదటి బాలిక నవంబరు 21న చేరితే 12 వారాలు ఫిబ్రవరి 13న పూర్తవుతాయి. పేపర్ మాత్రం డిసెంబర్‌లోనే ముగిసిందంటోంది. అంటే రెండు తేదీల్లో ఒకటి తప్పు. పేపర్ తేదీ నిజమైతే పని నమోదుకు ముందే మొదలైంది. పేజీ తేదీ నిజమైతే రెండో రక్తపరీక్ష ఫలితాలు ఎక్కడి నుంచి వచ్చాయి? వారాలు లెక్కపెట్టే ఈ చిన్న పని చాలామంది చేయరు. నా అనుభవంలో ఎక్కువ లోపాలు దొరికేది ఇక్కడే.

ఇక కన్సెంట్. అందరూ 18 లోపు వాళ్లే. వాళ్ల కన్సెంట్ అనే మాటే కుదరదు. తల్లిదండ్రుల కన్సెంట్, బాలికల రాతపూర్వక అంగీకారం ఉండాలి. తల్లిదండ్రులు గూడేల్లో ఉంటారు, పిల్లలు హాస్టల్లో ఉంటారు. ఫారం వాళ్ల దాకా ఎలా చేరింది, ఏ భాషలో వివరించారు? కోయ మాట్లాడే తల్లికి తెలుగు ఫారం ఇస్తే సరిపోతుందా?

చివరగా, పేపర్ ప్రకారం 240 మందిని అడిగితే 240 మందీ ఒప్పుకున్నారు, ఒక్కరూ మధ్యలో మానలేదు. రక్తం తీసే అధ్యయనంలో, అదీ ఈ వయసు పిల్లల్లో, ఇది అరుదు. ఇది తప్పుకి రుజువు కాదు. కానీ "వద్దు" అనే వీలు ఆ పిల్లలకు ఉందా అని అడగడానికి చాలు.

## 8. తేడా కనిపిస్తే ఏం చేయాలి?

రచయితలకు నేరుగా ఫోన్ చేయకండి, సోషల్ మీడియాలో పెట్టకండి. రివ్యూయర్ అయితే రిపోర్ట్‌లో ప్రశ్నలు రాసి, తీవ్రమైనవి ఎడిటర్‌కి మాత్రమే కనిపించే గడిలో పెట్టండి. పాఠకుడైతే ఎడిటర్‌కి మెయిల్ పంపండి. రచయితలను, అవసరమైతే సంస్థను అడగడం ఎడిటర్ పని.

రాసేటప్పుడు "మోసం", "అబద్ధం" లాంటి మాటలు వాడొద్దు. ఏ పేజీలో ఏముందో, ఏది దేనితో కలవడం లేదో మాత్రం రాయండి. పై పేపర్‌కైతే ఇలా రాయొచ్చు:

> "మెథడ్స్‌లో అధ్యయనం 2022 జూలైలో మొదలైనట్టు ఉంది. కమిటీ అనుమతి తేదీ 09-09-2022, సీటీఆర్‌ఐలో మొదటి చేరిక 21-11-2022. మొదటి రక్తనమూనాలు ఏ తేదీన, ఏ అనుమతి కింద తీశారో రచయితలు తెలపాలి. పాల్గొన్నవారంతా 18 ఏళ్ల లోపు వారు కాబట్టి తల్లిదండ్రుల కన్సెంట్, బాలికల అంగీకారం ఎలా తీసుకున్నారో వివరించాలి. అనుమతి పత్రం ప్రతి, ఖాళీ కన్సెంట్ ఫారం, ఖాళీ అంగీకార ఫారం పంపాలని కోరుతున్నాను."

ఖాళీ ఫారం అని రాయడానికి కారణం ఉంది. సంతకాలున్న ఫారాలు అడిగితే పాల్గొన్నవాళ్ల పేర్లు బయటికి వస్తాయి. అవి చూడాల్సి వస్తే సంస్థలోని కమిటీ చూస్తుంది.

జవాబు వచ్చాక అనుమతి పత్రంలో ఇవి చూడండి:

- పత్రంలోని అధ్యయనం పేరు, పేపర్ పేరు ఒకే పని గురించేనా
- ప్రధాన పరిశోధకుడు పేపర్ రచయితల్లో ఉన్నాడా
- ఎంతమందికి, ఏ వయసు వాళ్లకు అనుమతి ఇచ్చారు
- పేపర్లో చేసినవన్నీ పత్రంలో ఉన్నాయా (ప్రశ్నావళికి అనుమతి తీసుకుని రక్తం తీయలేదు కదా)
- కమిటీ సభ్యుల్లో పరిశోధకుడు ఉంటే, నిర్ణయం తీసుకునేటప్పుడు పక్కకు తప్పుకున్నాడా
- సంతకం ఎవరిది, తేదీ పేపర్లో ఉన్నదేనా

"టైపింగ్ పొరపాటు, జూలై కాదు నవంబరు" అని జవాబు వస్తే, అప్పుడు 12 వారాల లెక్క మళ్లీ వేయండి. ఒక తేదీ మార్చగానే ఇంకో తేదీ కుదరకపోతే, ఆ విషయాన్నే మళ్లీ ఎడిటర్‌కి రాయండి. తేదీలు కుదిరి, పత్రాలు సరిగ్గా ఉంటే పేపర్లో సవరణ వేయమని అడిగితే చాలు.